ఇప్పుడు ఏడున్నం

గార్ల ఊళ్లో మిర్చి రైతులకు పురుగుమందు కలిపే లెక్కను తెర, బొమ్మలు లేకుండా గంటసేపు నేను నోటితోనే చెప్పాలి. లెక్క తప్పితే తోట మాడుతుంది. ఇదివరకు ఇలాంటి సభల్లో నా భార్య వెనుక వరుసలో కూర్చునేది. జనం దారి తప్పినట్టు కనబడగానే "జర ఆగయ్యా, ఇప్పుడు ఏడున్నమో చెప్పు" అనేది. ఆమె చనిపోయాక ఇదే నా మొదటి సభ.

"మూడు ముచ్చట్లు. ముందు ఎంత చేను, తర్వాత దానికి ఎన్ని నీళ్లు, ఆఖరుకు ఆ నీళ్లల్ల ఎంత మందు" అని మొదలుపెట్టాను. ఒకటి ముగియగానే "చేను లెక్క అయింది, ఇగ నీళ్లకు పోతున్నం" అన్నాను. అన్న ప్రతిసారీ నా చూపు వెనక్కే పోయింది.

ఆలస్యంగా వచ్చిన రైతుకు ఒక అవ్వ చెబుతోంది: "చేను, నీళ్లు అయినయి బిడ్డా. మందు కాడున్నం, కూసో."

ఆ మాట నా భార్య వినాల్సింది.