మజూరీ మీద చెయ్యి వేయకుండా

గవర్నర్‌పేటలో మాది తువ్వాళ్ళు, లుంగీల హోల్‌సేల్ షాపు. నాన్న పోయిన తరువాత గల్లాపెట్టె దగ్గర నేను కూర్చున్నాను. బీకాం చదివాను, లెక్కలు వచ్చు, అన్నలు లేరు. చాచా నాన్నకి సొంత తమ్ముడు. గోడౌను, బయటి తిరుగుళ్ళు ఆయన చూసుకునేవాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మా వీధిలో ఏ షాపులో చూసినా మరమగ్గాల తువ్వాళ్ళు లారీల్లో దిగుతుండేవి.

నాన్న షాపులో పరుపు మీద ఎప్పుడూ ఒకే చోట కూర్చునేవాడు. అక్కడ పరుపు గుంట పడింది. నేను దాని పక్కన కూర్చునేదాన్ని, అందులో కాదు. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా తెలియకుండానే ఆ ఖాళీని చూసి మాట్లాడేవాళ్ళు. రేటు అడిగి ఒక్క క్షణం అటు తిరిగేవాళ్ళు, జవాబు అటునుంచి రావాలన్నట్టు.

మాకు చేనేత సరుకు ఇచ్చేది బందరు దారిలోని నేత ఊరి షావుకారు గారు. ఆయన కింద పాతిక మగ్గాలు ఉండేవి. నూలు, రంగు ఆయన ఇచ్చేవారు, నేతగాళ్ళకి మజూరీ ఇచ్చి నేయించి మాకు పంపేవారు. నేను పుట్టక ముందు నుంచీ ఆ సరుకే మా షాపులో ఉంది. ఆయన్ని నేను బాబాయి గారూ అని పిలిచేదాన్ని. ఆయన నాన్నని భాయ్ గారూ అనేవారు.

వాళ్ళిద్దరికీ ఒక పద్ధతి ఉండేది. రేటు సంగతి ఎప్పుడూ ఎదురెదురుగా మాట్లాడుకునేవారు కాదు. ఆయన బెజవాడ వస్తే మా ఇంట్లో టీ తాగేవారు, పిల్లల చదువులు, కాలవ నీళ్ళు, ఎండలు మాట్లాడుకునేవారు. రేటు మాత్రం ఉత్తరంలోనే. ఎందుకని చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

"ముఖం చూస్తే మొహమాటం వస్తుందమ్మా," అన్నాడు నాన్న. "మొహమాటానికి ఒప్పుకున్న రేటు తరవాత కడుపులో గుచ్చుతుంది. కాయితం మీదయితే ఆయన నాలుగు రోజులు ఆలోచించుకుంటాడు, నేనూ ఆలోచించుకుంటాను."

ఆ వేసవిలో మా చిల్లర కొనుగోలుదారులు ఒక్కొక్కరూ జారిపోవడం మొదలైంది. మేము డజను రెండు వందల అరవై నాలుగుకి కొంటున్న తువ్వాలు లాంటిదే, చూపుకి అచ్చం అలాంటిదే, పక్క షాపులో మేము కొనే ధర కంటే తక్కువకే అమ్ముతున్నారు. చాచా ఊరుకోలేకపోయాడు.

"ఫోన్ కొట్టి చెప్పెయ్ బేటీ. డజనుకి ఇరవై నాలుగు తగ్గిస్తావా, మరమగ్గం సరుకు దించుకోమంటావా అని. రెండే ముక్కలు."

"అలా అంటే ఆయన దించుకోమంటారు చాచా. ఆయన సంగతి నీకు తెలియదా?"

"దించుకుందాం! పోయినాయన మొహం చూసుకుని ఎన్నాళ్ళు నష్టపోతాం?"

చాచా అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ నాకు ఫోను తీయబుద్ధి కాలేదు. కాగితం తీసుకున్నాను. మొదట రాసింది నాకే నచ్చలేదు, కాలేజీలో నేర్చిన వ్యాపార లేఖలా ఉంది. చింపేశాను. రెండోసారి మొదలుపెట్టినప్పుడు పక్కన ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినిపించింది. నాన్న ఉత్తరం రాసే ముందు అలాగే చేసేవాడు. తల తిప్పి చూస్తే చాచా గోడౌనులో ఉన్నాడు, షాపులో ఎవరూ లేరు. బయట ఆటోలు, సిటీ బస్సుల మోత.

బాబాయి గారి ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడిగాను. ఆయన సరుకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రంగు దిగిందని తిరిగి రాలేదని రాశాను, అది నిజం. తరువాత బజారు పరిస్థితి ఉన్నదున్నట్టు రాశాను, పక్క షాపు రేటుతో సహా. ఇరవై నాలుగు తగ్గిస్తే మేము నిలబడగలమని చెప్పాను. చివర ఇలా రాశాను: "అంత కుదరకపోతే ఎంతవరకు కుదురుతుందో, ఎందుకు కుదరదో తెలియజేయండి. నేను వేరే సరుకు కోసం ఎవరినీ అడగలేదు, మీ మాట వినకుండా అడగను."

జవాబు వారం పైగా రాలేదు. వచ్చిన కవరు మీద నాన్న పేరు ఉంది.

నాన్న జనాజాకి ఆయన వచ్చారు. ఖబరస్తాన్ దాకా నడిచారు. తెలియక రాసింది కాదు. కవరు చేతిలో పట్టుకుని విప్పాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. చనిపోయిన మనిషి పేరుతో వచ్చిన ఉత్తరం విప్పుతుంటే, ఆయన పక్క గదిలోనే ఉన్నట్టు, అడగకుండా తీస్తున్నట్టు అనిపించింది.

"భాయ్ గారూ," అని మొదలైంది. "మీ అమ్మాయి ఉత్తరం చక్కగా రాసింది. జవాబు ఆమెకే రాయాలని కూర్చున్నాను, చేతకావడం లేదు, అలవాటు కొద్దీ మీకే రాస్తున్నాను. ఆమె చదివితే చదవనివ్వండి. కిందటి ఏడు వేరే ఊరి వ్యాపారి ఇలాగే తగ్గించమని రాశాడు. నూలు నా చేతిలో లేదు, రంగు నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది మజూరీ ఒక్కటే. అది తగ్గించాను. నా షెడ్డులో ఒకతను అప్పులవాళ్ళ బాధ పడలేక పురుగుల మందు తాగాడు. నా ఒక్కడి వల్లే అని ఎవరూ అనలేదు. కానీ అతని మగ్గం గుంటలోకి ఇంతవరకు ఎవరూ దిగలేదు. రేటు అనే మాట ఏ ఉత్తరంలో చూసినా నాకు ఆ గుంటే కనబడుతోంది. మీరుంటే ఏం చెయ్యమనేవారు?"

చాచాకి చదివి వినిపించాను. ఆయన ఉత్తరం తన చేతిలోకి తీసుకుని మడతలు సరిచేశాడు. చివరికి, "నువ్వు వెళ్ళి చూసి రా బేటీ," అన్నాడు.

మర్నాడు బందరు బస్సెక్కాను. బాబాయి గారు నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. వాళ్ళ ఇంటావిడ పెరుగన్నం పెట్టింది. ఎవ్వరమూ రేటు మాట ఎత్తలేదు. భోజనమయ్యాక ఆయనే లేచి, "షెడ్డు చూస్తావా అమ్మా?" అన్నారు.

పొడుగాటి పెంకుటిల్లు. నేలలో వరసగా గుంటలు, గుంటల్లో కాళ్ళు పెట్టుకుని నేసే మనుషులు. మగ్గాల చప్పుడుకి మాట వినబడటం లేదు. మధ్యలో ఒకచోట మాత్రం చప్పుడు లేదు. మగ్గం విప్పేశారు, గుంట మిగిలింది. నడిచేవాళ్ళు దాని అంచు దాకా వచ్చి పక్కకి తిరిగి వెళుతున్నారు. గుంట పక్కనే ఒకామె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. చుట్టినంతసేపూ తల ఎత్తలేదు.

"అతని భార్య," అన్నారు బాబాయి గారు నా చెవి దగ్గర వంగి. "వేరే చోట కూర్చోమ్మా అంటే కూర్చోదు."

నాకు ఆ గుంటలోంచి చప్పుడు వస్తున్నట్టే ఉంది. చుట్టూ ఉన్న మగ్గాల మోత ఆ ఖాళీలో పడి తిరిగి లేస్తోంది కాబోలు. చెవులకి మాత్రం అక్కడ ఎవరో నేస్తున్నట్టే వినిపించింది. బయటికి వచ్చాక కూడా చాలాసేపు వినిపించింది. తిరుగు బస్సులో ఉయ్యూరు దాటేదాకా నా వేళ్ళు ఒళ్ళో ఆ తాళానికే కదులుతున్నాయి.

బస్సులోనే ఆలోచన మొదలైంది. వెనక్కి బయలుదేరే ముందు మాటల మధ్య ఆయన ఒక సంగతి అన్నారు. మేము సరుకు దించుకున్నాక మూడు నెలలకి డబ్బు పంపుతాం, వ్యాపారమంతా అలాగే నడుస్తుంది. ఈలోగా నూలుకీ, రంగుకీ, మజూరీకీ ఆయన నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు. ఫిర్యాదుగా అనలేదు, వాన రాలేదన్నట్టు అన్నారు. లెక్క వేశాను. మేము మూడు నెలలు కాకుండా పదిహేను రోజుల్లో డబ్బు కడితే, డజనుకి దాదాపు పదమూడు రూపాయల వడ్డీ ఆయనకి తప్పుతుంది. ఒక్కో తువ్వాలుకి వేసే ప్లాస్టిక్ కవరు మా కొనుగోలుదారులు విప్పి పారేస్తారు. అది మానేస్తే డజనుకి ఇంకో మూడు రూపాయలు. ఇవేవీ నేతగాడి చేతికి వెళ్ళే డబ్బు కావు.

మరి పదిహేను రోజుల్లో కట్టడానికి మాకు డబ్బేదీ? నాన్న ఎప్పుడూ వడ్డీకి తేలేదు, మేమూ తేదలచుకోలేదు. గోడౌనులో ఏళ్ళుగా కదలని పాలిస్టరు సరుకు పడి ఉంది.

"అయినకాడికి అమ్మేద్దాం చాచా."

"అమ్మితే నష్టం కదే."

"పడుకోబెడితే మాత్రం లాభమా?"

చాచా గొణుక్కుంటూనే బేరం పెట్టాడు, వారంలో వదిలించాడు.

రెండో ఉత్తరం రాశాను. నాన్న పేరుతో వచ్చిన దానికి నా పేరుతో జవాబు. "మీరు నాన్నని అడిగారు. నాన్న ఏమనేవారో నాకు తెలియదు. నేను అనేది ఇది," అని మొదలుపెట్టి, మజూరీలో ఒక్క పైసా తగ్గకూడదని ముందే రాశాను. పదిహేను రోజుల్లో డీడీ పంపుతామని, కవర్లు వద్దని, ఏడాది పొడుగునా, వానల్లో కూడా, ప్రతి నెలా ఒకే లెక్కన సరుకు ఎత్తుతామని రాశాను. ఇందులో మీకు మిగిలేదాంట్లో మాకు ఎంత ఇవ్వగలరో మీరే చెప్పండి, నూలు పెరిగితే మళ్ళీ రాయండి, కాదనను, అన్నాను. ఇరవై నాలుగు అన్న అంకె మళ్ళీ ఎత్తలేదు.

ఈసారి కవరు మీద నా పేరు ఉంది. "అమ్మాయీ, డజనుకి పదిహేను తగ్గిస్తున్నాను. ఇంతకు మించి నా వల్ల కాదు, ఇంతకు తక్కువ ఇస్తే నీకు న్యాయం కాదు. మొదటి డీడీ వచ్చాక కొత్త రేటు." అంతే.

ఆ పదిహేనుతో మేము పక్క షాపు రేటుకి దిగలేకపోయాం. కానీ తేడా తగ్గింది. చెయ్యి పెట్టి చూసి కొనేవాళ్ళు తిరిగి వచ్చారు, అంకె చూసి కొనేవాళ్ళు రాలేదు. చాచా కొంత మరమగ్గం సరుకు కూడా దించుతానన్నాడు. దానికి నేను ఒప్పుకున్నాను, ఆ సంగతి బాబాయి గారికి ముందుగానే రాశాను. ఆయన "తెలియజేసినందుకు సంతోషం" అని కార్డు ముక్క పంపారు. ఏడాది తిరిగాక నూలు పెరిగి ఆయన రేటు పెంచమని రాస్తే, అడిగిందాంట్లో సగం పైన ఒప్పుకున్నాం.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం ఒకామె షాపు మెట్ల దగ్గర చెప్పులు వదిలి లోపలికి వచ్చింది. పెద్దాసుపత్రికి ఎవరినో చూడటానికి వచ్చిందట. ముందు గుర్తుపట్టలేదు. రాట్నం దగ్గర తల వంచుకుని ఉన్న ముఖమే నేను చూసింది.

"ఉత్తరాలు రాసేది మీరేనాండీ?" అంది.

"నేనేనమ్మా. కూర్చోండి."

ఆమె నిలబడే ఉంది. "మీ ఉత్తరం వచ్చిన రోజు షావుకారు గారు మగ్గాలన్నీ ఆపించి, పైకి చదివారండీ. మజూరీ తగ్గదన్న ముక్క రెండుసార్లు చదివారు. మావాళ్ళంతా సంతోషపడ్డారు."

చెంగు భుజం మీదికి సర్దుకుంది.

"నాకు మాత్రం ఏడుపు ఆగలేదండీ. ఇలాంటిది ఒక ఏడు ముందు ఎవరన్నా రాసుంటే అని."

టీ తెప్పించాను. ఆమె నిలబడే తాగింది, గ్లాసు జాగ్రత్తగా గట్టు మీద పెట్టింది. అల్మరాలో వాళ్ళ ఊరి తువ్వాళ్ళ దొంతర ఉంటే ఒకసారి అరచేత్తో నిమిరి, బస్సు వేళయిందని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది.