పేపర్ త్రీ, పాత సిలబస్

బీకాం రెండో సంవత్సరంలో స్టాటిస్టిక్స్ పేపరు నన్ను వదలలేదు. మూడో సంవత్సరం పేపర్లన్నీ గట్టెక్కినా అదొక్కటీ బ్యాక్‌లాగ్‌గా మిగిలి, పెళ్లికి పిలవని బంధువులా నా వెంట తిరిగేది. ఆ ఏడాదే యూనివర్సిటీ సిలబస్ మార్చింది. పాత సిలబస్‌లో తప్పినవాళ్లకు సెప్టెంబరు సప్లిమెంటరీయే ఆఖరి అవకాశమని కాలేజీ నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. అది దాటితే కొత్త సిలబస్‌లో ఆ ఒక్క పేపరు బదులు రెండు రాయాలి. సైదాబాదులో ఒక ఆడిటరు గారు నాకు ఉద్యోగం ఇస్తానన్నారు కానీ, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతిలో పెడితేనే. నవంబరు దాటితే వేరేవాడిని పెట్టుకుంటానని కూడా అన్నారు. ఆయన ముఖం చూస్తే ఆ వేరేవాడు అప్పటికే గుమ్మం బయట చెప్పులు విప్పుతున్నట్టు అనిపించేది.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ అంటే సగం ద్రాక్షతోటలు, సగం ప్లాటు రాళ్లు. పొద్దున లేచి చూస్తే రాత్రి లేని కాలనీ ఒకటి మొలిచి ఉండేది. మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి కట్టుకున్న ఇంటికి గోడలున్నాయి కానీ దారి లేదు. వానాకాలంలో మా వీధి దాటినవాడికి ప్రభుత్వం ఈతగాడి సర్టిఫికెట్ ఇవ్వాలని మా నాన్న అంటుండేవాడు.

అపరాధ రుసుం లేని గడువులోనే చలానా కట్టి, పరీక్ష దరఖాస్తు నింపాను. అందులో "రాయబోయే పేపరు సంఖ్య" అని ఒక గడి ఉంది. మేమెవరం పేపర్లను సంఖ్యలతో పిలిచిన పాపాన పోలేదు. స్టాటిస్టిక్స్ అంటే స్టాటిస్టిక్స్, అంతే. ఎదురింట్లో రెండో సంవత్సరం చదివే కుర్రాడిని అడిగాను. "పేపర్ ఫోర్ అన్నా," అన్నాడు. నాలుగు అని రాసేశాను. "పాత సిలబస్" దగ్గర టిక్కు కూడా నేనే పెట్టాను. వాడు చెప్పింది వాడి కొత్త సిలబస్ లెక్క. నా పాత సిలబస్‌లో నాలుగో పేపరు బ్యాంకింగ్, అందులో నేను ఎప్పుడో పాసయ్యాను. స్టాటిస్టిక్స్ మూడోది.

ఆ సంగతి హాల్‌టికెట్ తీసుకున్న శుక్రవారం మధ్యాహ్నం తెలిసింది. సోమవారం పరీక్ష, మధ్యలో రెండో శనివారం, ఆదివారం. కాలేజీ గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"పాసైన పేపరే మళ్లీ రాయాలనుకున్నావేంది బాబూ?"

"కాదండీ, మూడోది రాయాలి."

"అయితే మార్కుల మెమో కాపీ, ప్రిన్సిపాల్ లెటర్ పట్టుకొని యూనివర్సిటీ పరీక్షల విభాగానికి పో. నాలుగున్నర దాకనే ఉంటరు."

ప్రిన్సిపాల్ లేరు. వైస్ ప్రిన్సిపాల్ సంతకం చేశారు. నా క్లాస్‌మేట్ ఒకడికి స్కూటరు ఉంది. వాళ్ల నాయన ద్రాక్షతోట అమ్మి ఎల్బీ నగర్ దగ్గర ఇల్లు కట్టి, మిగిలినదాంతో కొడుక్కి స్కూటరు కొనిచ్చాడు. ఆ స్కూటరు తోటలో పుట్టి పెరిగినట్టే నడిచేది, ఎక్కడ మట్టి కనిపిస్తే అక్కడ ఆగేది.

"అరె భాయ్, గట్ల గట్టిగ పట్టుకోకు, ఊపిరి ఆడ్తలేదు," అన్నాడు.

"నాకూ ఆడటం లేదురా."

"నీకెందుకు ఆడాలె? నువ్వు రాసేది స్టాటిస్టిక్స్."

కోఠి దాటేసరికి నాకు జ్వరం వచ్చింది. పరీక్షల విభాగంలో సూపరింటెండెంటు మెమో చూశాడు, లెటరు చూశాడు, నన్ను చూశాడు. హాల్‌టికెట్టు మీద ఎర్ర సిరాతో నాలుగు కొట్టేసి మూడు వేసి, సంతకం చేసి, రబ్బరు స్టాంపు గుద్దాడు. ఆ చప్పుడు నాకు మంగళవాద్యంలా వినిపించింది. బయటికి వస్తుంటే ఆయన తల ఎత్తకుండా ఒక మాట అన్నాడు. "సెంటర్‌కు క్వశ్చన్ పేపర్లు ముందే పంపినం. ఎంతమంది ఉంటే అన్నే పోయినయి. నీ కోసం ఎక్స్‌ట్రా ఉంటదో లేదో నాకు తెల్వది. సెంటరోళ్లను అడుగు."

మంగళవాద్యం అక్కడే ఆగిపోయింది.

సోమవారం సెంటరు మా ఇంటికి దగ్గరలోని కాలేజీయే. అమ్మ పెరుగన్నం పెట్టి, "ఏరా, ముఖం అలా పెట్టావేం? అన్నీ వచ్చినవే కదా," అంది. వచ్చినవే. పేపరు వస్తుందో రాదో అన్నది తప్ప.

హాల్లో అందరికీ కొత్త సిలబస్ పేపర్లు పంచారు. నేను చెయ్యెత్తాను. చీఫ్ సూపరింటెండెంటు వచ్చి నా హాల్‌టికెట్టు మీది ఎర్ర సిరా చూసి నుదురు రుద్దుకున్నారు.

"పాత సిలబస్ మూడో పేపరుకి ఈ సెంటర్లో ఉన్నది ఒకే ఒక్క అభ్యర్థి. వచ్చింది ఒకే పేపరు. ఆ అభ్యర్థి నువ్వు కాదు."

"మరి నేనేం చేయాలండీ?"

"యూనివర్సిటీకి ఫోన్ చేస్తున్నాం, లైను దొరకడం లేదు. అతను వస్తే ఆ పేపరు అతనిది. అరగంట దాటితే ఎవరినీ లోపలికి రానివ్వం. అప్పుడు చూద్దాం."

నా ముందు బల్లకు అవతల ఒక ఖాళీ బల్ల ఉంది. దాని మీద సుద్దముక్కతో ఆ రాని అభ్యర్థి నంబరు. నేను తెల్ల జవాబు పత్రం ముందు పెట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ గది గడియారంలో నిమిషాల ముల్లు నడవడం మానేసి నా ముఖం చూస్తూ నిలబడిపోయింది. వరండాలో చెప్పుల చప్పుడు వినిపించిన ప్రతిసారీ నా గుండె కొత్తగా మొదలైంది. ఒకసారి నీళ్ల కుండ మోసుకుని అటెండరు వచ్చాడు. ఇంకోసారి పిల్లి. పిల్లికి కూడా స్టాటిస్టిక్స్ బ్యాక్‌లాగ్ ఉందేమోనని భయపడ్డాను.

దేవుడా, అతన్ని రానివ్వకు అని మొక్కుకున్నాను. అతనెవరో నాకు తెలియదు. అతనికీ ఇదే ఆఖరి అవకాశమని మాత్రం తెలుసు. నల్గొండ వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి ఉంటాడని, ఎల్బీ నగర్ దగ్గర బస్సు ఆగిపోతే బాగుండునని, ఎవరికీ దెబ్బ తగలకుండా ఒక్క టైరు పంచరయితే చాలని దేవుడికి వివరంగా సర్దిచెప్పాను. ఇంత శ్రద్ధగా స్టాటిస్టిక్స్ చదివి ఉంటే బ్యాక్‌లాగే ఉండేది కాదు.

అరగంట అయినట్టు గంట మోగింది. చీఫ్ సూపరింటెండెంటు ఫోను వదిలేసి ఒక సన్నని కవరు పట్టుకొచ్చి, నా ముందే సీలు విప్పి, "రాయి. తర్వాత నేను రిపోర్టు రాసుకుంటాను," అన్నారు.

నేను రాయడం మొదలుపెట్టాను. సగటు తీయమంటే నా నాడి వేగం రాశానేమో తెలియదు. రెండో ప్రశ్నలో ఉండగా బయట గేటు దగ్గర గొడవ వినిపించింది. ఎవరో బతిమాలుతున్నారు. "జర ఇనండి సార్, బస్సు ఆగిపోయింది సార్," అన్న ముక్క ఒకటి కిటికీలోంచి వచ్చి నా జవాబు పత్రం మీద పడింది. నేను తల ఎత్తలేదు. కాసేపటికి గొంతు ఆగిపోయింది.

ముప్పై అయిదు మార్కులతో పాసయ్యాను. ఒక్కటి తగ్గినా పోయేవాడిని. సైదాబాదు ఆడిటరు గారు ప్రొవిజనల్ సర్టిఫికెట్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, రేపటి నుంచి రమ్మన్నారు.

పరీక్ష అయిన రోజు గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగాను.

"ఇందాక ఎవరు వచ్చారు?"

"ఎవరో ఒకాయన. లేటొచ్చిండు, లోపటికి తోలలే."

"ఏ పేపరు?"

"నాకేమెర్క సాబ్. గా మెట్టు మీద కూసోని ఏడ్చిండు. నీళ్లిచ్చిన. తాగి పోయిండు."

మెట్టు మీద ఆ నీళ్ల గ్లాసు ఇంకా అలాగే ఉంది. నాకూ దాహంగానే ఉంది కానీ, అడగలేదు.