పది నిమిషాలు ముందున్న గేటు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అంటారు. ఎక్కువే. ఆ వానాకాలంలో వచ్చిన కోపమైతే ఇప్పటికీ దిగలేదు. "కంప్యూటర్ అబద్ధం చెప్పదు" అని ఎవరైనా నా ముందు అంటే ఒళ్లు మండిపోతుంది.

నేనొక ప్లైవుడ్ కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగిని. ఆఫీసు ఖమ్మంలో, ఫ్యాక్టరీ పెనుబల్లి అవతల అడవి మొదలయ్యే చోట. రైతులు జామాయిల్ కర్రను లారీల్లో, ట్రాక్టర్లలో తెస్తారు. బండి ముందు గేటు దగ్గర ఆగుతుంది. సెక్యూరిటీ వాళ్లు కంప్యూటర్లో ఎంట్రీ కొడతారు. తర్వాత బండి కాటా మీదికి ఎక్కుతుంది, అక్కడ ఆపరేటర్ తూకం నమోదు చేస్తుంది. గేటుకొక సర్వర్, కాటాకొక సర్వర్. ఈ రెండింటిలోకీ ఎవరు లాగిన్ కావాలన్నా సరే అనాల్సింది మాత్రం ఖమ్మంలో నా పక్క గదిలో ఉన్న మూడో సర్వర్.

ఒకరోజు పొద్దున్నే ఫ్యాక్టరీ మేనేజర్ ఫోన్. గేటు దగ్గర ఎవరికీ లాగిన్ కావడం లేదు, బండ్లు రోడ్డు మీద బారులు తీరాయి, నేనేం చేస్తున్నానని అరుపులు. కాటా దగ్గర అంతా బాగానే ఉంది. గేటు దగ్గరే గొడవ. స్క్రీన్ మీద ఏం వస్తోందని అడిగితే, టోకెన్ గడువు ముగిసింది అని వస్తోందన్నారు.

టోకెన్ అంటే పెద్ద మాయేమీ కాదు. పాస్‌వర్డ్ సరిగ్గా ఉంటే మా లాగిన్ సర్వర్ ఇచ్చే చీటీ. ఎన్ని గంటలకు ఇచ్చిందో, ఎప్పటిదాకా చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. మాది ఐదు నిమిషాలే చెల్లుతుంది, పని చేస్తున్నంతసేపూ వెనకాల కొత్తది వస్తూనే ఉంటుంది. గేటు సర్వర్ ఆ చీటీ తీసుకుని, తన గడియారం చూసుకుని, గడువు ఉంటే లోపలికి రానిస్తుంది. అప్పుడే ఇచ్చిన చీటీకి అప్పుడే గడువు తీరిందంటే తప్పు చీటీది కాదు, చూసిన గడియారానిది.

అదే మాట గేటు దగ్గరున్న సెక్యూరిటీ ఆఫీసర్‌తో అన్నాను. "సర్వర్‌లో టైం ఎంతుందో ఒకసారి చూడండి సార్."

"టైం సక్కగనే ఉంది మేడం. గోడ గడియారం సూసే చెప్తున్న," అన్నాడాయన.

నేను బయల్దేరి వస్తానన్నాను. నేను బస్టాండుకు చేరేలోపే, గేటు సాఫ్ట్‌వేర్ చూసుకునే హైదరాబాద్ కంపెనీ వాళ్లు అక్కడి నుంచే సర్వర్లోకి దూరి పని కానిచ్చేశారు. ఏం చేశారయ్యా అంటే, గడువు దాటిన టోకెన్‌ను కూడా పదిహేను నిమిషాల దాకా చెల్లనివ్వమని సర్వర్‌కు చెప్పారు. జ్వరమొచ్చినవాడికి థర్మామీటర్ విరిచేసి, ఇక జ్వరం లేదన్నట్టు. బండ్లు కదిలాయి. గడియారం తప్పుగా ఉండి ఉంటుంది, అది చూడకుండా ఈ పని చేయడం ప్రమాదమని మెయిల్ పెట్టాను. మేనేజర్ ఫోన్ చేసి "నడుస్తున్నది గదా, ఇంక కెలకకు," అన్నాడు. గేటు సర్వర్ ఆ హైదరాబాద్ వాళ్ల చేతిలోది, ఆయన అనుమతి లేనిదే నేను అందులో ఏదీ మార్చడానికి లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదానని ఊరుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత కొన్ని వారాలకు కాటా ఆపరేటర్ ఫోన్ చేసింది. అడవి లోపలి ఊరి పిల్ల, ఇంట్లో కోయ మాట, బయట తెలుగు. తెల్లవారే షిఫ్టుకు వాళ్ల నాయన బండి మీద దింపి పోయేవాడు. కాటా సాఫ్ట్‌వేర్ ఆమెకు నేర్పింది నేనే. ఎంత చురుకంటే, బండి కాటా ఎక్కి ఇంజన్ ఆపేలోపు నంబర్ కొట్టేసి తూకం కోసం చూస్తూ ఉండేది. లారీ డ్రైవర్లు ఆమె షిఫ్టు చూసుకుని వచ్చేవారు.

ఫోన్లో ఏడుపు ఆపుకుంటోంది. "అక్కా, బండి గేటు లోపలికి రాకముందే నేను తూకమేసిన్నంట. గట్లెట్ల ఏస్తరక్కా? బండి లేకుంటె కాటా మీద ఏం నిలవడ్తది?"

లెక్కలు తనిఖీ చేసినవాళ్లు గేటు సర్వర్, కాటా సర్వర్ టైములు రాసుకునే చిట్టాలు, అంటే లాగ్‌లు, పక్కపక్కన పెట్టి చూశారట. ఏ బండి చూసినా తూకం ముందు, గేటు ఎంట్రీ వెనక. రాని బండ్లకు దొంగ తూకాలు వేసి, తర్వాత ఏదో ఒక బండి నంబర్ అంటగట్టిందని తేల్చారు. పనిలోంచి ఆపేశారు. సోమవారం విచారణ. తప్పు ఒప్పుకోకపోతే పోలీస్ స్టేషనే అన్నారు.

"మా ఊర్ల అప్పుడే దొంగ అంటున్నరక్కా. నాయన బయటికి పోతలేడు," అంది.

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నారట! బండి రాకముందు తూకమెలా పడిందని ఒక్కడూ అడగలేదు. అంతమంది చదువుకున్నవాళ్లు, ఒక్కరికీ ఇందులో వింత కనపడలేదు. ఆడపిల్ల, అడవి ఊరి పిల్ల, కాంట్రాక్టు ఉద్యోగం. వాళ్లకు కనపడింది అదొక్కటే.

మర్నాడు మొదటి బస్సుకే వెళ్లాను. గేటు గదిలోకి అడుగుపెట్టి గోడ గడియారం చూశాను, నా ఫోన్ చూశాను. గడియారం పది నిమిషాలు ముందుంది. గేటు సర్వర్‌గా పనిచేసే కంప్యూటర్ చూశాను. అదీ పది నిమిషాలు ముందే ఉంది. సెక్యూరిటీ ఆఫీసర్ దాచలేదు సరికదా, గొప్పగా చెప్పాడు.

"లేబర్ టైంకు వస్తలేరని గడియారం నేనే ముందుకు తిప్పిన మేడం. అయితె వీళ్లు కంప్యూటర్ల టైం సూపెట్టి, మేం లేటు కాలేదని కొట్లాటకొచ్చిన్రు. అందుకని కంప్యూటర్ గూడ కలిపిన. అది మొండిది, మళ్ల మళ్ల ఎనకకు వోతుండె. హైదరాబాద్ పిలగానికి ఫోన్ చేసి, దాని అంతట అది మారకుండ బంద్ చేపిచ్చిన."

గడియారాన్ని ముందుకు తిప్పడం నాకు కొత్త కాదు. మా వంటగది గడియారం నా చిన్నప్పటి నుంచి పది నిమిషాలు ముందే. బస్సు తప్పిపోకూడదని అమ్మ పెట్టింది. అది చూసి పరుగెత్తినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు, అందరం మనసులో పది తీసేసుకుని ఇంకో ముద్ద తినేవాళ్లం. మనుషులు తీసేసుకుంటారు. సర్వర్ తీసేసుకోదు. పక్క సర్వర్ చెప్పే టైం వేరని దానికి తెలియదు. తన లాగ్‌లో తన టైం రాసుకుంటూ పోతుంది.

ఇంకొకటి అర్థమయ్యాక కూర్చున్న కుర్చీ ఎత్తి విసిరేయాలనిపించింది. మిగతా షిఫ్టుల ఆపరేటర్లు ఎందుకు దొరకలేదు? పగటి షిఫ్టులో కాటా దగ్గర పెద్ద వరస. గేటు దాటిన బండి పది నిమిషాల కంటే ఎక్కువే ఆగుతుంది, అందుకని గేటు టైం ముందున్నా తూకం దాని తర్వాతే పడుతుంది. తెల్లవారే షిఫ్టులో బండ్లు తక్కువ. పైగా ఈ పిల్ల బండిని ఆగనిచ్చేది కాదు, నాలుగైదు నిమిషాల్లో తూకం అయిపోయేది. కాబట్టి ఆమె తూకాలే గేటు ఎంట్రీ కంటే ముందున్నట్టు కనపడ్డాయి. ఆమె చేసిన నేరం జల్దీగా పని చేయడం.

సోమవారం విచారణ గదిలో మేనేజర్, తనిఖీ చేసినాయన, సెక్యూరిటీ ఆఫీసర్ ఒకవైపు. ఆమె ఒకవైపు, నిలబడి. కుర్చీ నేనే లాగి వేశాను. పిలవకపోయినా వెళ్లి పక్కన కూర్చుని, గేటు గడియారం సంగతి చెప్పాను.

"ఇయ్యాల గడియారం తప్పుంటె, ఆ దినాలల్ల గూడ తప్పున్నట్టేనా? నిప్పు లేంది పొగ రాదు," అన్నాడు మేనేజర్.

ఆ మాట వస్తుందని తెలుసు. రెండు రకాల సాక్ష్యాలు పట్టుకునే వెళ్లాను. గేటు సర్వర్‌లో లాగిన్ అయినప్పుడల్లా, టోకెన్ మీద ఖమ్మం సర్వర్ వేసిన టైమూ, అది అందినప్పుడు గేటు సర్వర్ గడియారం చూపిన టైమూ పక్కపక్కనే నమోదవుతాయి. మొదట్లో ఆ రెండింటి మధ్య తేడా ఒకటి రెండు సెకన్లు. ఒకరోజు నుంచి మాత్రం ప్రతి కొత్త లాగిన్‌కూ పది నిమిషాలు. అప్పుడే పుట్టిన టోకెన్ అందరి దగ్గరా, అన్ని షిఫ్టుల్లోనూ, పది నిమిషాల ముసలిదై వస్తోంది. ఇక సర్వర్ సొంత లాగ్‌లో, అదే రోజు టైం మార్చినట్టు, పాత టైం ఇది, కొత్త టైం ఇది, మార్చిన లాగిన్ ఇది అని ఉంది. ఆ లాగిన్ సెక్యూరిటీ ఆఫీసర్‌ది. గేటు టైముల్లోంచి పది నిమిషాలు తీసేసి ఆమె తూకాలన్నీ మళ్లీ పేర్చి చూపించాను. ఒక్క బండి కూడా వరస తప్పలేదు, అన్నీ గేటు దాటాకే కాటా ఎక్కాయి.

తనిఖీ చేసినాయన కాగితాలు సర్దుకున్నాడు. మేనేజర్ "సరే, రేపట్నుంచి డ్యూటీకి రమ్మను," అన్నాడు. ఆమె ఎదురుగానే ఉంది. అయినా ఆ మాట నాతో అన్నాడు.

ఆమెకిచ్చిన కాగితంలో ఏం రాశారో తెలుసా? ఇకపై జాగ్రత్తగా పనిచేయాలని హెచ్చరిస్తూ తిరిగి విధుల్లోకి తీసుకుంటున్నామని. ఎవరి తప్పుకు ఎవరికి హెచ్చరిక! నేను కాగితం పట్టుకుని వెళ్లి గొంతు పోయేలా అరిచాను. "ఫార్మాట్ గంతే మేడం," అన్నారు. ఆఫీసర్‌కు హెచ్చరిక లేదు, హైదరాబాద్ వాళ్లకు లేదు. ఈసారి మేనేజర్ అనుమతితో సర్వర్ల గడియారాలన్నీ ఒకే చోటు నుంచి టైం తీసుకునేలా పెట్టాను, పదిహేను నిమిషాల సందు మూసేశాను. గోడ గడియారం మాత్రం అలాగే ముందుంది, దాని జోలికి నేను పోలేదు.

ఆ తర్వాత మేనేజర్ నుంచి ఇంకో ఫిర్యాదు వచ్చింది. తెల్లవారే షిఫ్టులో కాటా సిస్టం స్లో అయిందట, బండ్లు ఆగిపోతున్నాయట, వచ్చి చూడమని. వెళ్లాను. సర్వర్ బాగుంది, నెట్‌వర్క్ బాగుంది, నంబర్ కొట్టిన వెంటనే స్క్రీన్ వస్తోంది. కాటా మీద జామాయిల్ లారీ నిలబడి ఉంది. తూకం అంకె కదలకుండా వెలుగుతోంది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని ఫోన్లో టైం చూస్తూ కూర్చుంది. డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"ఏమైంది? నొక్కవేం?" అన్నాను.

"పది నిమిషాలు కానీ అక్కా," అంది.

"గడియారం బాగు చేశాను కదమ్మా. ఇప్పుడన్నీ ఒకటే టైం."

"అవ్ అక్కా, నువ్వు చేసినవ్. రేపు ఇంకొకరు తిప్పుతరు. నువ్వు ప్రతిసారి రాలేవు గద," అంది నా వైపు చూడకుండానే.

హారన్ మోగుతూనే ఉంది. ఆమె పక్కన కూర్చుని, పది నిమిషాలయ్యేదాకా నేనూ ఆ లారీని చూస్తూ ఉండిపోయాను. ఖమ్మం వచ్చాక ఆ ఫిర్యాదుకు సిస్టంలో లోపం లేదని రాసి మూసేశాను. సిస్టంలో నిజంగానే లోపం లేదు.