పెంకుటింటి పన్ను రసీదులు

అనుమానం నాకు కొత్త జబ్బేం కాదు. ఇరవై ఏళ్ళకు పైగా పెద్దాసుపత్రిలో నర్సుగా చేశాను. మాత్ర మింగేశానని చెప్పి దిండు కింద దాచే రోగులను చూసీ చూసీ, ఎవరు 'అయిపోయింది సిస్టర్' అన్నా నోరు తెరిపించి చూసే అలవాటు పడింది. అంతటిదాన్ని, నా సొంత ఇంటి పన్ను విషయంలో మూడేళ్ళపాటు ఎవరి మాటకూ అడ్డు చెప్పకుండా తలూపాను. పంతొమ్మిది వందల ఎనభైల నడుమ ఒక ఏడాది దానికి తగిన శాస్తి జరిగింది.

మా వారు పోర్టులో పనిచేస్తూ కట్టించిన పెంకుటిల్లు జాలరిపేటకు కాస్త ఎగువన ఉండేది. ఆయన పోయాక ఇల్లు నా పేరు మీదికి మారింది. పిల్లలు లేరు, ఒక్కదాన్నే. ఆసుపత్రి క్వార్టర్లోకి మారిపోయి, ఇంటిని నెలకు నాలుగు వందల యాభైకి అద్దెకిచ్చాను. స్టీలుప్లాంటు కట్టుబడి పనుల్లో ఉద్యోగం వచ్చి గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబం అది. మొగుడూ పెళ్ళాం, ఒక కూతురు. అతను నెమ్మదైన మనిషి. మరీ నెమ్మదైనవాళ్ళను చూస్తే నాకు ముందే పడదు.

ఒకరోజు డ్యూటీ దిగి వచ్చేసరికి క్వార్టరు తలుపు సందులో ఒక కవరు ఉంది. ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు నుంచి నోటీసు. పోయిన ఏడాదికి ముందు ఏడాది నా ఆదాయంలో కొంత పన్నుకు చిక్కకుండా తప్పిపోయిందని నమ్మడానికి కారణం ఉందట, ముప్పై రోజుల్లో రిటర్న్ దాఖలు చేయాలట. అద్దె సంగతేనని నాకు వెంటనే వెలిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, అదే పని చేశాను. నిజం చెప్పాలంటే, జీతంలో ఆసుపత్రివాళ్ళు కోసేదే పన్ను అనుకున్నాను. అద్దె కూడా చెప్పాలని ఎవరైనా అంటే వినపడనట్టు ఊరుకున్నాను కూడా.

భయం పన్ను గురించి కాదు. పింఛనుకు నాలుగేళ్ళుంది. సర్కారు ఉద్యోగిని ఆదాయం దాచిందని ఒక కాగితం మీద రాసి మా ఆఫీసుకు పంపితే నా గతేమిటి? ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేదాన్ని, ఆ మొహం ఎక్కడ పెట్టుకోను?

ఓడల డాకులో పనిచేసే మా తమ్ముడు వచ్చి నోటీసు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంకెవుడు సెప్తాడక్కా? నీ ఇంట్లో ఉన్నోడే సెప్పుంటాడు. ఏటింకా ఆలోసిస్తన్నావు, కాళీ సేయించీ."

నాకు కావలసిన మాటే అది. ఎందుకంటే కిందటి నెలలోనే అద్దె యాభై పెంచుతానని అన్నాను, అతను పై కప్పు కారుతోందని అన్నాడు, ఇద్దరం మొహాలు మాడ్చుకున్నాం. అంతకుముందు ఏడాది పన్నెండు నెలల రసీదులూ ఒకేసారి అడిగి, రెవెన్యూ స్టాంపులు తనే తెచ్చి, నా చేత సంతకాలు చేయించుకున్నాడు. 'ఆఫీసులో అడుగుతున్నారండీ' అన్నాడప్పుడు. ఏ ఆఫీసులోనో ఇప్పుడు తెలిసింది అనుకున్నాను.

ఆ సాయంత్రమే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"రెండు నెల్లు సూస్తాను, ఆ పై ఒకటో తారీకుకి ఇల్లు కాళీ సేసీండి," అన్నాను.

"ఏవైందండీ సిస్టర్ గారూ?"

"ఏటయిందో మీకే బాగా ఎరుక."

అతను భార్య వంక చూశాడు. ఆవిడ చేతిలో చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అలాగేనండి," అన్నాడు అతను. తప్పు చేయనివాడైతే ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడా అని దారంతా అనుకుంటూ వచ్చాను.

తమ్ముడు అంతటితో ఆగలేదు. "రిపేర్లు సేయించినట్టు బిల్లులెట్టీ. మనకెరికున్న కొట్టే, నాను తెస్తాను," అన్నాడు. మర్నాటికల్లా పెంకులకు, సున్నానికి, దూలాలకు ఆరు బిల్లులు తెచ్చాడు. వద్దనాల్సింది. సంచిలో పెట్టుకున్నాను.

డాబాగార్డెన్స్‌లో ఒక మేడ మీద ఆడిటర్ ఉండేవాడు. ముసలాయన, ముక్కుపొడుం అలవాటు. నా కాగితాలు చూసి ముందు ఆ ఆరు బిల్లులే చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మా, ఈ ఆరింటి నంబర్లూ వరసగా ఉన్నాయి. మార్చి నుంచి నవంబరు దాకా ఆ కొట్లో మీరొక్కరే కొన్నారా?"

నేను బల్ల మీది ముక్కుపొడుం డబ్బీ వంక చూశాను.

"ఇవి చించెయ్యండి. మీరు రిపేరుకు ఎంత పెట్టారో చట్టం అడగదు. రిపేరు భారం ఇంటిగలవారిదైతే చాలు, పెట్టినా పెట్టకపోయినా ఆరో వంతు తీసేస్తారు. అడగని దానికి దొంగ కాగితం ఇచ్చి, అడిగేదానికి ఏం ఇస్తారు?" అన్నాడు.

"అడిగేదేటండీ?"

"మున్సిపల్ పన్ను రసీదులు. వచ్చిన అద్దెలోంచి ముందు ఈ పన్ను తీసేస్తారు, మిగిలినదాంట్లో ఆరో వంతు తీసేస్తారు. పన్ను మాత్రం మీరు భరించి, ఆ ఏడాదిలోనే నిజంగా కట్టి ఉండాలి. అద్దెకున్నవాడు తన డబ్బుతో కట్టుకుంటే మీకు తగ్గింపు రాదు. ఎవరు కట్టారు?"

కట్టింది అతనే. మున్సిపాలిటీ కౌంటరు దగ్గర వరసలో నిలబడే ఓపిక నాకు లేదని, ఆరు నెలలకోసారి అతను నూట ఎనభై కట్టి, ఆ నెల అద్దెలో తగ్గించుకుని రెండు వందల డెబ్భై చేతిలో పెట్టేవాడు. నేను మొత్తం నాలుగు వందల యాభైకీ రసీదు రాసిచ్చేదాన్ని. మా వాడలో చాలామంది అలాగే చేసేవాళ్ళు. 'కట్టేసేనండీ' అనేవాడు, నేను 'సరే' అనేదాన్ని. ఒక్క రసీదు కూడా కళ్ళతో చూడలేదు.

వెంటనే రెండో అనుమానం మొదలైంది. అసలు కట్టాడా? నా డబ్బు నూట ఎనభై చొప్పున జేబులో వేసుకుని ఉంటే? కట్టినా, ఇల్లు ఖాళీ చేయమన్న మనిషికి రసీదులు ఎందుకిస్తాడు? పొయ్యిలో వేసి చేతులు దులుపుకోడూ? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుస్తూనే ఉంది.

రెండు రోజులు ఊగిసలాడి వెళ్ళాను. ఈసారి కూర్చోమన్నారు, కూర్చున్నాను. అతని భార్య లోపలికి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కూడా తేలేదు.

"పన్ను కట్టిన రసీదులుంటే..." అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

అతను మంచం కింది రేకుపెట్టె లాగాడు. దారం కట్టిన కట్ట ఒకటి తీసి నా ముందు పెట్టాడు. ప్రతి రసీదూ నా పేరు మీదే ఉంది. ప్రతిదాని వెనకా గుండ్రటి అక్షరాలతో, తారీకు వేసి, ఒకే మాట రాసుంది: 'ఇంటి యజమానురాలి తరఫున కట్టి, ఈ నెల అద్దెలో తగ్గించుకోవడమైనది.'

"ఇవి నాకెందుకివ్వలేదు?" అన్నాను. నా బుద్ధి పోనిచ్చుకోలేదు.

"మొదటిసారే తెచ్చేనండి. క్వార్టర్లో చెదలున్నాయి, నీ దగ్గరే ఉంచు బాబూ అన్నారండి మీరు."

అన్నాను. గుర్తొచ్చింది. ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. ఆడిటర్ తెమ్మన్నాడని అడిగితే, తను కట్టిన పన్ను నా అద్దెలోంచే తగ్గించుకున్నానని ఒక కాగితం కూడా రాసి సంతకం చేసి ఇచ్చాడు. ఇంటి రిపేర్ల భారం ఇంటిగలావిడదేనని అందులో రాస్తున్నప్పుడు ఒక్క క్షణం పై కప్పు వంక చూశాడు.

రిటర్న్ గడువులోపలే వేశాను. కొన్నాళ్ళకు ఆఫీసరు పిలిచాడు. నాకంటే చిన్నవాడు, మర్యాదగా మాట్లాడాడు. ఏడాది అద్దె ఐదువేల నాలుగు వందలు, అందులో పన్ను మూడు వందల అరవై పోతే ఐదువేల నలభై, దానిలో ఆరో వంతు ఎనిమిది వందల నలభై. మిగిలిన నాలుగువేల రెండు వందలు నా జీతానికి కలిపాడు. రసీదులు వెనక్కీ ముందుకూ తిప్పి, వెనక రాసింది రెండుసార్లు చదివాడు.

"ఈ రాసినాయనకు మీరు రుణపడి ఉండాలి," అన్నాడు. "వాస్తవాలన్నీ మీరే చెప్పారు కాబట్టి జుల్మానా దాకా తీసుకెళ్ళను. పన్నూ వడ్డీ కట్టెయ్యండి."

గండం గడిచింది. అక్కడితో లేచి రావచ్చు. నోరు ఊరుకోలేదు.

"నా మీద ఎవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదమ్మా. ఇంటద్దె అలవెన్సు మీద పన్ను లేకుండా పోవడానికి ఉద్యోగులు వాళ్ళ ఆఫీసులో అద్దె రసీదులు ఇస్తారు. వాటిని మేం తెప్పించి చూస్తాం. అద్దె పుచ్చుకున్నవాళ్ళు చూపించారా లేదా అని."

ఫైలు నా వైపు కాస్త తిప్పాడు. పన్నెండు రసీదులు. పన్నెండు స్టాంపులు. స్టాంపు మీదుగా అడ్డంగా పన్నెండుసార్లు నా సంతకం. నా మీద చాడీ చెప్పింది నా చెయ్యే.

బయటికొచ్చి బస్టాపులో నిలబడితే ఏడుపొచ్చింది. గడువు మిగిలి ఉన్న తరవాతి ఏడాదికి కూడా నా అంతట నేనే అద్దె చూపించి రిటర్న్ వేశాను. అది తేలికైన పని. కష్టమైన పని జాలరిపేట దగ్గరుంది.

వెళ్ళేసరికి వాకిట్లో సామాన్లు మూటలు కట్టి ఉన్నాయి. ఒకటో తారీకుకు ఇంకా మూడు రోజులుంది.

"ఉండిపోండి బాబూ," అన్నాను. "నాను తప్పుగా అనుకున్నాను. కప్పు నేయిస్తాను, అద్దె కూడా పెంచను."

అతను తల దించుకున్నాడు. "మీరు వెళ్ళమన్న మర్నాడే గాజువాకలో అడ్వాన్సు ఇచ్చేసేనండి."

"అది నానిస్తాను."

అప్పుడు అతని భార్య మొదటిసారి నాతో మాట్లాడింది. "డబ్బు గురించి కాదండీ. మీకు అనుమానం తీరిపోయిందండి. ఇంక మీరెప్పుడు గుమ్మంలోకొచ్చినా, ఇవాళ ఏం అనుకుని వచ్చేరో అని నాకుంటుందండి."

ఇరవై ఏళ్ళుగా అందరి నోళ్ళూ తెరిపించి చూసినదాన్ని, నా నోరు పెగల్లేదు. అతను తాళాలు, ఆఖరి నెల అద్దె చేతిలో పెట్టాడు. లెక్క చూస్తే రెండు వందల డెబ్భై ఉంది. అడిగే లోపలే మడిచిన కాగితం ఒకటి ఇచ్చాడు.

"ఈ ఆరు నెలలదీ పొద్దున్నే కట్టేసేనండి. మీకు లైన్లో నిలబడడం కష్టమని."

వెనక్కి తిప్పి చూశాను. తారీకు వేసి, ఎప్పటిలాగే రాసి ఉంది.