రెండు డబ్బాల దాణా

ఆవిడకూ, ఆవిడ బావగారికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆ గడ్డి తినాల్సిన గుర్రం కూడా వాళ్ల మధ్యే ఉండేది. నేను గుర్రాలకు నాడాలు కొట్టేవాణ్ణి. నా కొలిమి వాళ్ల కొట్టానికి ఆనుకునే ఉంది. ఇద్దరి పోట్లాటా వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

మొగుడు పోయిన నెలలోనే ఆవిడ పగ్గాలు పట్టింది. కలప అడితి నుంచి దుంగలు మోసే బండి అది. "ఆడది బండెక్కితే నేను దిగిపోతా" అన్నాడు బావగారు. ఆవిడ ఎక్కింది, ఆయన దిగలేదు. గుర్రం ఇద్దరిదీ మరి. పొద్దున ఆవిడ తోలేది, మధ్యాహ్నం నుంచి ఆయన. మాటలు మాత్రం ఆ రోజే తెగిపోయాయి. ఏం చెప్పాలన్నా గుర్రానికే చెప్పేవాళ్లు.

"ఎర్రదానా, ఇరుసుకు కందెన వేయమని మీ పెద్దాయనకు చెప్పవే" అనేది ఆవిడ.

"నాకూ కళ్లున్నాయని చెప్పవే" అనేవాడు ఆయన.

ఆవిడకు ముక్కు మీద కోపం. ఒకసారి గిట్ట కాస్త ఎక్కువ చెక్కానని నా చేతిలో ఆకురాయి లాగి బయట పారేసింది. నిజానికి నేను ఎక్కువ చెక్కలేదు. కానీ గుర్రం కన్ను ఎటు తిరిగినా ఆవిడకు తెలిసేది, అది ఒప్పుకోవాలి.

రోజూ ఆవిడ బండి విప్పి, గుర్రం చెమట ఆరాక నీళ్లు, ఎండుగడ్డి పెట్టి, ఆ తర్వాత ఒక డబ్బా దాణా పోసేది. ఆ రోజు కూడా అలాగే పోసింది. డబ్బా కడిగి బోర్లించి, తెగిన పట్టీ కుట్టించుకోవడానికి వెళ్లింది. తర్వాత బావగారు వచ్చాడు. ఖాళీ తొట్టి, తడి ఆరిపోయిన డబ్బా చూశాడు. "మహారాణికి తీరిక లేదన్నమాట" అని గొణుక్కుని, తనూ నిండా ఒక డబ్బా పోశాడు. గుర్రం అది మింగడమే ఆలస్యం, వెంటనే బండి కట్టాడు. మరదల్ని ఒక్క మాట అడిగితే నాలుక అరిగిపోతుందా ఈ మనిషికి?

కాసేపటికే ఖాళీ బండితో తిరిగొచ్చాడు. గుర్రం ముందు కాలితో నేల గీకుతోంది. మాటిమాటికీ మెడ తిప్పి డొక్క చూసుకుంటోంది. పై పెదవి మడుస్తోంది, మెడంతా చెమట. ఆయన కొరడా ఎత్తాడు.

"మొండికేసిందయ్యా ఇది."

అప్పుడే వచ్చిన ఆవిడ పట్టీ కింద పడేసి మధ్యలోకి వెళ్లింది. బండి విప్పేసి, డొక్కకు చెవి ఆనించింది.

"లోపల చప్పుడే లేదు తమ్ముడూ. కడుపునొప్పి. డాక్టరుకు ఫోన్ చెయ్యి."

చేశాను. పశువుల డాక్టరు దారిలోంచే చెప్పాడు. "మేతంతా తీసేయండి. నోట్లో ఏమీ పోయొద్దు. దొర్లబోతే మెల్లగా నడిపించండి, ఊరికే నిలబడితే నిలబడనివ్వండి. పరుగులు పెట్టించొద్దు."

ఆవిడ తొట్టి ఖాళీ చేసింది. గుర్రం మోకాళ్లు వంచబోతే పగ్గం పట్టి నాలుగడుగులు నడిపించింది. ఇంతలో బావగారు సీసాతో నూనె తెచ్చాడు.

"తల పైకి పట్టుకో. మా నాన్న ఇదే పోసేవాడు" అన్నాడు నాతో.

నేను అడ్డుపడే లోపే ఆవిడ సీసా లాక్కుని గోడకేసి కొట్టింది. "ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుందని చెప్పవే ఎర్రదానా."

"దీని మొగుడు పోయినప్పుడే నిన్ను అమ్మేసుంటే పీడ పోయేదే ఎర్రదానా" అన్నాడు ఆయన.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్‌లో డాక్టరు ఇంకా అడుగుతూనే ఉన్నాడు. "చివరగా ఏం పెట్టారని అడుగుతున్నాడు. మీ పోట్లాట ఆపి చెప్పండి."

"ఒక డబ్బా దాణా" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన బోర్లించి ఉన్న డబ్బా వైపు చూశాడు.

డాక్టరు వస్తూనే చిగుళ్లు చూసి, గుండె విని, నొప్పికి సూది వేశాడు. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం దించాడు. పుల్లటి వాసనతో గాలి, నురగ, నానిన దాణా బయటికొచ్చాయి.

"గుర్రాలు కక్కుకోలేవు. ఇంకాస్త ఆలస్యమైతే పొట్ట పగిలేది" అన్నాడు. "గడ్డే దాని తిండి. దాణా కొంచెం కొంచెంగా పెట్టాలి, తిన్న వెంటనే బండి కట్టకూడదు. ఎవరు పెట్టారో ఒకరికొకరు చెప్పుకోరా?"

సాయంత్రానికి పేగులు కదిలి గుర్రం లద్దె వేసింది. ఆ లద్దె దగ్గర కూర్చుని ఆవిడ ఏడ్చింది. ఆయన గోడ దగ్గర గాజు పెంకులు ఒక్కొక్కటే ఏరుతూ ఉండిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కొట్టం గుమ్మంలో నిలబడ్డాడు. గుర్రం ముఖం చూడలేదు. మరదలి ముఖమే చూశాడు.

"ఏమైనా పెట్టావా?"

నేను సుత్తి ఆపేశాను.

"గడ్డే పెట్టాను" అంది. "దాణా పెట్టలేదు."

ఇప్పటికీ వాళ్లకు ఒకరంటే ఒకరికి పడదు. రోజూ ఆ రెండు మాటలే మాట్లాడుకుంటారు. మిగతావన్నీ గుర్రానికే చెబుతారు.