అచ్చమ్మ ముఖమున్న అరికల ప్యాకెట్టు

చిట్టిబాబుకు అరికలకూ ఊదలకూ తేడా తెలియదు. అయినా మా రైతుల కంపెనీకి మేనేజరై బ్రాండు చేసిపెట్టే మహానుభావుడు అతనే. కొత్త రాష్ట్రం వచ్చి ఐదేళ్లయిందో లేదో, రాయ్‌పూర్ నిండా ఇలాంటి పెద్దమనుషులే.

రైతులు పండించిన అరికలు నేరుగా భిలాయి ఇళ్లకు అమ్మడం మా పని. నెహ్రూ నగర్ షెడ్డులో లేబుళ్లు అతికించేదాన్ని నేను, రోహిణిని. జల్లెడ అచ్చమ్మది. రాళ్లు, పొట్టు, నూకలు తీసి, నిండు గింజను మాత్రమే మొదటి రకంలో వేసేది. శ్రీకాకుళం నుంచి వచ్చి నలభై ఏళ్లు సెక్టర్ ఆరు క్వార్టర్లోనే బతికింది, భర్త స్టీలు ప్లాంటులో చేశాడు.

చిట్టిబాబు ఆమె ఫొటో తీసి, లేబులు మీద కథ అచ్చేయించాడు: "అడవి తల్లి అచ్చమ్మ తన చేతులతో కోసిన ధాన్యం."

"ఏటి బాబూ, నాను అడవిలో ఎప్పుడున్నాను?" అంది అచ్చమ్మ.

"కస్టమర్‌కి ఎమోషన్ కావాలి, అమ్మా."

ఎమోషనంట, ఎమోషను! పైగా ప్యాక్ చేసిన చిరునామా దగ్గర షెడ్డుకు బదులు ఆమె క్వార్టర్ నంబరు వేశాడు, ఇంటి వాసన రావాలట. ప్యాకింగ్ నెల కూడా ముందే అచ్చేయించాడు.

కోత రోజుల్లో వాన పడింది. ఆ బస్తాలు రాగానే అచ్చమ్మ పిడికెడు తీసి వాసన చూసింది. గింజల మీద నల్ల మచ్చలున్నాయి.

"ఇది మనుషులు తినేది కాదు," అంది.

సరుకు తెచ్చిన రైతు భూఖన్ సాహు తల దించుకున్నాడు. "సచ్ హై, నిజమే దీదీ. ఇది మతౌనా కోదో, మత్తెక్కించే అరికలు. తింటే తల తిరుగుతుంది, వాంతులవుతాయి. మా ఇంట్లో వండం. మేనేజర్ బాబు తెమ్మన్నాడు."

చిట్టిబాబు నవ్వాడు. "నూట ఇరవై ఇళ్ల ఆర్డరు. పాత సరుకులో కలిపి పాలిష్ పట్టండి. లేబులు మీద మొదటి రకం అని ఉంది కదా!"

సిగ్గులేని మొహం! నాకు ఒళ్లు మండింది.

అచ్చమ్మ బస్తాలోంచి రెండు పిడికెళ్లు తీసుకుంది. పక్కనున్న స్టవ్ మీద ఆ అరికలే వండి, గిన్నెలో పెట్టి అతని ముందుంచింది.

"తిను నాయినా. నా మొకం, నా గుమ్మం ప్యాకెట్టు మీద ఎట్టేవు. రేపు ఎవుడి బిడ్డకి వాంతులైనా నా తలుపే కొడతారు. ముందు నువ్వు తిను."

"పొద్దున్నే టిఫిన్ చేశాను," అన్నాడు చిట్టిబాబు. గిన్నెను వేలితో దూరంగా జరిపాడు.

అది చూశాక భూఖన్ బస్తాలన్నీ గుంటలో పూడ్చాడు. ఆ వారం ఇళ్లకు సరుకు వెళ్లలేదు, ఫోన్లన్నీ నేనే ఎత్తాను. తర్వాత కొత్త లేబులు అచ్చమ్మే చెప్పింది, నేను రాశాను: అరికలు, మొదటి రకం, నికర బరువు ఒక కిలో, ధర, ప్యాకింగ్ నెల, షెడ్డు చిరునామా. పండించింది భూఖన్ సాహు, జల్లించింది అచ్చమ్మ.

"ఫొటో?" అని అడిగాను.

"వొద్దమ్మా," అంది. "ఇంక నా మొకం నా దగ్గరే ఉండనీ."