అయ్యగారు పంపిన గోడ ఫోటో

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న ఒక వేసవి. అప్పట్లో నేను హైటెక్ సిటీలో ఆఫీసు భవనాల నిర్వహణ చూసే విభాగంలో పనిచేసేవాణ్ణి. ఎక్కడ గోడ చెమ్మగిల్లినా అక్కడివాళ్లు ఫోటో తీసి మెయిల్ చేసేవారు. తడి ఎక్కడినుంచి వస్తోందో ఊహించి ప్లంబరునో మేస్త్రీనో పంపడం నా పని. అందుకే హఫీజ్‌పేట్‌లోని మా చర్చి సంఘంలో గోడల మాట వస్తే అందరూ నావైపే చూసేవారు. అది నాకు లోలోపల ఇష్టంగానే ఉండేది.

మా ఆరాధన ఒక ఇంటి కింది వాటాలో జరిగేది. పై వాటాలో ఒక టీచరమ్మ, ఆమె తల్లి అద్దెకుండేవారు. ఒకరోజు మా పాస్టరు అయ్యగారు ఫోటో పంపారు. వేదిక వెనకాల తెర కొంచెం పక్కకు లాగి, దగ్గరగా తీసింది. రంగు అప్పడాల ముక్కల్లా లేచి ఊడుతోంది. ఆ మూలకు సరిగ్గా పైన టీచరమ్మ బాత్రూం ఉందని నాకు తెలుసు. ఇంకేమీ ఆలోచించకుండా "పైనుంచే కారుతోందండి" అని జవాబిచ్చాను.

రెండు రోజులకు బంద్ వచ్చింది. బస్సుల్లేక ప్రగతి నగర్‌లో ఇంట్లోనే ఉండి, ఆదివారం పిల్లలకు చెప్పాల్సిన పాఠం చూసుకుంటున్నాను. అయ్యగారు ఫోన్ చేశారు.

"బ్రదర్, ఓనరు గారికి మీ మాటే చెప్పానండి. నెలాఖరుకి ఖాళీ చేయమన్నారట పైవాళ్లని. టీచరమ్మ ఏడ్చిందండి."

ఎదుట తెరిచి ఉన్న పాఠం బైబిల్లోని ధర్మశాస్త్రంలోదే. ఇంటి గోడకు తెగులు పట్టిందంటే యాజకుడు ముందు ఇల్లంతా ఖాళీ చేయిస్తాడు. ఆ తర్వాతే లోపలికి వెళ్లి చూస్తాడు. చూసినా తీర్పు చెప్పడు, ఏడు రోజులు ఆగుతాడు. నేను తెర కూడా తీయించలేదు.

"అయ్యగారూ, తెర పూర్తిగా తీసేసి, నేల నుంచి కప్పు దాకా కనబడేలా దూరంగా నిలబడి ఇంకో ఫోటో తీయండి."

"మొదటిది సరిగా రాలేదా బ్రదర్?"

"వచ్చిందండి. నేనే సరిగా చూడలేదు."

రెండో ఫోటో వచ్చింది. కప్పు శుభ్రంగా ఉంది. పైనుంచి కారితే ముందు కప్పుమీద పసుపు మరకలుండాలి, గోడమీద చారలు కిందికి దిగాలి. ఇక్కడ మచ్చ ఛాతీ ఎత్తులో, అడ్డంగా గీత గీసినట్టు ఆగిపోయింది. కిందికొచ్చేకొద్దీ ముదురు రంగు, తెల్లటి ఉప్పు పొడి. రెండు పక్కలా మంచం వెడల్పులో నిలువుగా ఆగింది. వానల్లేవు, నేలలోంచి ఎక్కే చెమ్మయితే గోడ పొడవునా పాకాలి. ఆ కొలతకు గోడ అవతల ఏముంది?

మా బాప్తిస్మపు తొట్టి.

సిమెంటు ఆదా చేయడానికి ఇంటి గోడనే దానికి నాలుగో పక్కగా కట్టుకున్నాం. బంద్‌లతో బంధువులు రాలేక, నీట ముంచి ఇచ్చే బాప్తిస్మాలు వాయిదా పడుతూ వచ్చాయి. ట్యాంకరుతో తెప్పించిన నీళ్లు పారబోయడానికి మనసొప్పక నెల పైగా నింపే ఉంచాం.

ఆదివారం ఆరాధనయ్యాక ఓనరు ముందు మచ్చ అంచు చుట్టూ పెన్సిలు గీత గీశాను.

"ఏంది తమ్మి, మొన్న పైనుంచి అన్నవ్, ఇయ్యాల తొట్టి అంటున్నవ్?"

"మొన్న తప్పు చెప్పాను పెద్దాయనా. తొట్టి ఖాళీ చేస్తాం. పైవాళ్లు నీళ్లు ఎప్పటిలాగే వాడుకోనీయండి. ఏడు రోజులు చూద్దాం."

టీచరమ్మ మెట్లమీద నిలబడి వింటోంది. అయ్యగారు ఆమె దగ్గరికి వెళ్లి చేతులు జోడించారు. ఆమె ఇబ్బందిపడి మాట మార్చింది.

"గా నీళ్లు పారబోస్తరా పాస్టర్‌గారూ? మాకు నల్లా మూడొద్దులకోసారి వస్తది. బట్టలకు వాడుకుంటం. గా తొట్ల ఇంకా ఎవ్వరు మునుగలే గదా?"

అందరికంటే ముందు అయ్యగారే నవ్వారు. నేను, నాతోపాటు ఇద్దరు సంఘస్థులు, బకెట్లతో ఆ నీళ్లన్నీ పైకి మోశాం. నేనెన్నిసార్లు మెట్లెక్కానో ఆమె తల్లి లెక్కపెట్టి మరీ చూసింది. "జర జల్ది రా బిడ్డా, నా బొక్కెన నిండలే" అంది.

మరుసటి ఆదివారం తడి గీతకు జానెడు లోపలికి తగ్గింది. గోడ ఆరడానికి ఇంకా నెలలు పట్టింది, కానీ ఓనరుకు అది చాలింది. టీచరమ్మ ఖాళీ చేయలేదు. తొట్టిని మేస్త్రీ చేత గోడకు దూరంగా, నాలుగు పక్కలా సొంత గోడలతో కట్టించాం. ఆ తర్వాత ఎవరు గోడ ఫోటో పంపినా, వెనకాల ఏముందో కనుక్కున్నాకే జవాబు రాశాను.